ఆన్‌లైన్‌లో కొన్న వస్తువును సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లే ముందు

ఆన్‌లైన్‌లో కొన్న మిక్సీయో హెడ్‌ఫోనో పాడైతే చాలామంది వారంటీ కార్డు ఒక్కటే పట్టుకుని సర్వీస్ సెంటర్‌కు వెళ్తారు, కానీ ఆ కార్డు మీద డీలర్ ముద్ర, కొన్న తేదీ గడులు ఖాళీగానే ఉంటాయి, ఎందుకంటే నింపడానికి అక్కడ కొట్టువాడు లేడు కదా. దానికి టెన్షన్ పడక్కర్లేదు. ఆ ఖాళీని నింపేది ఇన్‌వాయిస్.

యాప్‌లో ఆర్డర్ వివరాల్లోకి వెళ్లి ఇన్‌వాయిస్ పీడీఎఫ్ దించుకోండి. ఆర్డర్ స్క్రీన్‌షాట్ గానీ డెలివరీ మెసేజ్ గానీ చాలావరకు ఒప్పుకోరు, వాళ్లకు అమ్మినవాళ్ల పేరు, బిల్లు తేదీ, మోడల్ కనబడాలి. ఫోన్లలాంటి వాటికి ఇన్‌వాయిస్‌లోనే సీరియల్ నంబర్ ఉండొచ్చు, అది వస్తువు వెనక స్టిక్కర్‌తో అక్షరం అక్షరం సరిపోవాలి. ఒకవేళ మధ్యలో రీప్లేస్‌మెంట్ వచ్చి ఉంటే పాత బిల్లులో పాత నంబరే ఉంటుంది, అక్కడే పేచీ వస్తుంది, కాబట్టి రీప్లేస్‌మెంట్ ఆర్డర్ కాగితం కూడా పెట్టుకోండి.

ఇంకో చిక్కు: కౌంటర్‌లో సీరియల్ నంబర్ కొట్టి "వారంటీ అయిపోయింది" అంటారు. వాళ్ల సిస్టమ్‌లో ఒక్కోసారి ఫ్యాక్టరీ నుంచి బయటికెళ్లిన తేదీ నుంచే లెక్క మొదలవుతుంది, సరుకు గోదాంలో నెలల తరబడి పడి ఉన్నా సరే. వాదించకుండా ఇన్‌వాయిస్ ఇచ్చి, దాని ప్రకారం సిస్టమ్‌లో కొన్న తేదీ సరిచేయమని అడగండి. వస్తువు తీసుకుంటూ వాళ్లు రాసే జాబ్ షీట్‌లో "వారంటీలో" అని రాశారో లేదో చూశాకే సంతకం పెట్టండి. నీళ్లు పడినా పగిలినా మాత్రం మామూలు వారంటీ కింద ఏ కాగితమూ పనిచేయదు.