డెలివరీ తర్వాత పంపే మెయిల్‌కి జవాబు రావట్లేదా? ముందు అపార్ట్‌మెంట్ గేటు దగ్గర చూడండి

డెలివరీ అయిన ప్రతి ఆర్డరుకీ "ఎలా ఉంది?" అని మెయిల్ వెళ్తోంది, జవాబు మాత్రం రావట్లేదు. బెంగళూరులో పొడులో పచ్చళ్లో చీరలో అమ్ముకునే మనవాళ్లు నన్ను పిలిచేది ఎక్కువగా దీనికే. పిలిచీ పిలవగానే "సబ్జెక్ట్ లైన్ మార్చమంటారా?" అంటారు. ఆగండి, దాని సంగతి తర్వాత.

అందరూ వదిలేసే పరీక్ష

మీ షాపులో మీరే ఒక ఆర్డరు పెట్టుకుని, ఆ మెయిల్ తెప్పించుకోండి. రిప్లై నొక్కి "అందింది" అని రాసి పంపండి. ఇప్పుడు అది ఎవరి మెయిల్‌బాక్స్‌లో పడిందో వెతకండి. మెయిల్ వచ్చాక ఇది అర నిమిషం పని. నన్ను పిలిచే ముందు ఇది చేసి చూసిన వాళ్లు నాకింకా తగల్లేదు. చాలాసార్లు ఆ జవాబు ఎవరూ తెరవని అడ్రసుకి పోతుంది, లేదా వెనక్కి కొట్టేస్తుంది. మెయిల్ పంపే సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో ఇలా ఉండాలి:

```
From: orders@example.com
Reply-To: owner@example.com
```

రెండో లైను లేకపోతే జవాబు మొదటి అడ్రసుకే పోతుంది. అక్కడ `noreply` అని ఉంటే, "మాకు రాయకండి" అని మీరే బోర్డు పెట్టి రాయలేదని బాధపడుతున్నట్టు. ఫోన్‌లో మీరు రోజూ చూసే అడ్రసు పెట్టండి.

అడ్రసు సరిగ్గానే ఉంది, అయినా రావట్లేదు

నన్ను బాగా తిప్పలు పెట్టింది ఇదే. మారతహళ్లిలో ఇంటి దగ్గరే పచ్చళ్లు కలిపి అమ్మే ఒక అక్క పిలిచింది. రిప్లై పరీక్ష నెగ్గింది, మెయిల్ పొట్టిగానే ఉంది, స్పామ్‌లో పడట్లేదు. నేను తెలివి చూపించి సబ్జెక్ట్ మార్చాను, తర్వాత రంగు బటన్ పెట్టాను, తర్వాత తీసేశాను. ఏం చేసినా అంతే. చివరికి ఆమె కస్టమర్లలో ఐదారుగురికి ఫోన్ చేయించాను. ఒకావిడ అంది: "మెయిల్ చూశానండీ, అప్పటికి పార్సిల్ ఇంకా సెక్యూరిటీ దగ్గరే ఉంది."

జరిగేది ఇది. కొరియర్ అబ్బాయి మంగళవారం పొద్దున పదకొండింటికి అపార్ట్‌మెంట్ గేటు దగ్గర డబ్బా ఇచ్చి, ఫోన్‌లో `Delivered` కొడతాడు. ఆ మాట పడిన ఐదు నిమిషాలకి మన మెయిల్ దానంతటదే బయల్దేరుతుంది. ఆ టైముకి కస్టమరు ఆఫీసులో మీటింగులో ఉంటుంది. "ఆవకాయ ఎలా ఉంది?" అని చదివి, ఇంటికెళ్లాక రాద్దాం అనుకుంటుంది. రింగ్ రోడ్డు ట్రాఫిక్ దాటి ఇంటికొచ్చేసరికి ఎనిమిదిన్నర. డబ్బా తెచ్చుకోవడం మర్నాడు, సీసా తెరవడం ఆదివారం. అప్పటికి ఆ మెయిల్ చదివేసిన వాటిలో కలిసి అడుక్కి పోయింది. మన లెక్కలో డెలివరీ అయింది, ఆమె లెక్కలో ఇంకా కాలేదు. తినని పచ్చడి గురించి ఎవరైనా ఏం రాస్తారు?

ఈ కారణం ఓ పట్టాన దొరకదు, ఎందుకంటే సాఫ్ట్‌వేర్‌లో అన్నీ పచ్చగానే కనిపిస్తాయి. మెయిల్ వెళ్లింది, తెరిచారు అని చూపిస్తుంది. ఆ "తెరిచారు" లెక్కని కూడా నమ్మకండి. 2021 నుంచి ఐఫోన్‌లో ఉన్న మెయిల్ ప్రైవసీ సెట్టింగ్ ఆన్‌లో ఉంటే, మనిషి చూడకపోయినా మెయిల్‌లోని బొమ్మలు ముందే లోడ్ అవుతాయి, తెరిచినట్టే లెక్కకొస్తుంది. పట్టుకునే దారి ఒకటే. డెలివరీ టైమూ మెయిల్ టైమూ పక్కపక్కన రాసుకోండి. తేడా గంటలోపే ఉండి, ఎక్కువ ఆర్డర్లు అపార్ట్‌మెంట్లకే పోతుంటే జబ్బు ఇదే.

బాగు చేయడానికి రెండు పనులు. మొదటిది ఆలస్యం. డబ్బా తెరవగానే తెలిసిపోయే సంగతి, అంటే చీర రంగు లాంటిది అడగాలంటే రెండు రోజులు ఆగి రాత్రి ఎనిమిది దాటాక పంపండి. తిని చెప్పాల్సిన దానికి ఐదారు రోజులు. మరీ రెండు వారాలు ఆగితే ఏ ఊరి ఆవకాయ తిన్నామో కూడా మర్చిపోతారు. ఒక జాగ్రత్త: సీసా పగిలిందా, నూనె కారిందా అన్నది ఈ మెయిల్‌కి వదిలేయకండి. కొరియర్ వాళ్లకి ఫిర్యాదు చేయడానికి గడువు తక్కువ. "కారి ఉంటే ఫొటో తీసి వెంటనే వాట్సాప్ చేయండి" అని డబ్బాలోనే చీటీ పెట్టండి.

రెండోది మాట. "ఎలా ఉంది?" అన్న ప్రశ్నకి మనవాళ్ల దగ్గర ఒకటే జవాబు: "బాగుందండి." అది రాయడానికి బద్ధకం, బాగా లేకపోతే చెప్పడానికి మొహమాటం. అక్క చేత్తో కలిపిన పచ్చడికి వంక పెట్టడం ఎవరికి ఇష్టం? కాబట్టి వంక మనమే అందించాలి, అందులోంచి ఒకటి ఏరుకోవడమే వాళ్ల పని. అక్క పాత మెయిల్ ఇది: "మీ అమూల్యమైన అభిప్రాయం మాకెంతో విలువైనది. మా ఉత్పత్తులపై మీ అనుభవాన్ని పంచుకోగలరు." దాన్ని ఇలా మార్చాం:

> సబ్జెక్ట్: ఆవకాయలో ఉప్పు సరిపోయిందా?
>
> నమస్తే అండీ, మొన్న పంపిన అరకిలో ఆవకాయ గురించి ఒక్కటే అడుగుతాను. ఉప్పు ఎక్కువైందా, తక్కువైందా, సరిపోయిందా? ఒక్క మాట రాసినా చాలు. సీసా ఇంకా తెరవకపోతే "తెరవలేదు" అని రాయండి, వచ్చే వారం అడుగుతాను.
>
> పచ్చడి కలిపింది నేనే, మారతహళ్లి నుంచి

"అంత ఉప్పు గొడవేంటి తమ్ముడూ, కారం సంగతి కూడా అడుగుదాం" అంది అక్క. వద్దన్నాను. రెండు ప్రశ్నలుంటే ఒకదాని దగ్గర ఆలోచనలో పడి రెండూ వదిలేస్తారు. కారం గురించి చెప్పాలనున్న వాళ్లు అడగకపోయినా ఉప్పు జవాబు పక్కనే రాస్తారు.

ఈ మెయిల్‌లో అసలు పని చేసేది "తెరవలేదు" అన్న మాట. గేటు దగ్గరున్న డబ్బాకి కూడా ఒక జవాబు దొరికింది. అలా రాసిన వాళ్ల పేర్లు ఒక నోట్‌బుక్‌లో రాసుకుని, అదే మెయిల్ కింద రిప్లైగా వారం తర్వాత అడగాలి. ఒకసారి మాట కలిసింది కాబట్టి రెండోసారి రాయడం వాళ్లకి సులువు. అడుగుతానని చెప్పి అడక్కపోతే మాత్రం, ఈ మాట అసలు పెట్టకపోవడమే మేలు.

గూగుల్ రివ్యూ లింకు ఇందులో అతికించకండి. లింకు కనిపిస్తే ఇది ప్రచారం మెయిల్ అనుకుంటారు, ఉప్పు సంగతి ఎవరూ రాయరు.

మిగతావి

మెయిల్ జీమెయిల్ ప్రమోషన్స్ ట్యాబులో పడుతుంటే లోగో, బ్యానర్ తీసేసి మామూలు అక్షరాలతో పంపి చూడండి. స్పామ్‌లో పడుతుంటే మెయిల్ నిజంగా మీ దగ్గర్నుంచే వచ్చిందని రుజువు చూపే SPF, DKIM సెట్టింగులు డొమైన్ కొన్న చోట పెట్టించండి, ఆ పని చేసే వాళ్లకి ఈ రెండు పేర్లు చెబితే చాలు. మెయిల్ అడ్రసే తప్పు రాసిన కస్టమర్లు ఒకరిద్దరు ఎప్పుడూ ఉంటారు, వాళ్ల కోసం తల బద్దలు కొట్టుకోవద్దు.

మార్చాక మొదటి 20 మెయిళ్లకి వచ్చిన జవాబులు చేత్తో లెక్కపెట్టండి, "తెరవలేదు"లతో సహా. అందులో సగం "తెరవలేదు" అనే వస్తే మెయిల్‌లో మాటలు కదపకండి, ఇంకో రెండు రోజులు ఆలస్యంగా పంపండి.