కొటేషన్ ఇచ్చే ముందు అసలు ఖర్చు తేల్చడం ఎలా? చిత్తూరు వెల్డింగ్ షెడ్డులో పది ట్రాలీల లెక్క

మామిడి సీజన్‌కు ముందు చిత్తూరు చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీల నుంచి ట్రాలీలు, స్టాండ్లు, టేబుళ్ల ఆర్డర్లు వస్తాయి. బంగారుపాళ్యం దగ్గరున్న ఒక యూనిట్ పది ట్రాలీలకు రేటు అడిగిందనుకుందాం. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, కింద నాలుగు చక్రాలు. చాలా షెడ్లలో సరుకు, కూలీ కలిపి దాని మీద 20 శాతం వేసి రేటు చెప్పేస్తారు. ఆ 20 శాతం దేనికి సరిపోతుందో, దేనికి సరిపోదో ఎవరూ లెక్క చూడరు. ఈ ట్రాలీతోనే చూద్దాం. కింది ధరలు లెక్క అర్థం కావడానికి వేసినవి. మీ షెడ్డు ధరలు మీరు వేసుకోండి.

ముందు గంట విలువ తేల్చండి

ఇది ఏడాదికోసారి చేసే పని. ఇద్దరు వెల్డర్లు, ఒక హెల్పర్ ఉన్న షెడ్డు తీసుకుందాం. వెల్డర్‌కు రోజుకు 900 రూపాయలు, ఏడాదికి 300 రోజులు. పండగ బోనస్, టీ, టిఫిన్ కలిపి ఇంకో 15,000. మొత్తం 2,85,000.

దీన్ని 300 రోజులు, 8 గంటలతో భాగిస్తే తప్పు. టీ విరామం, కరెంటు పోవడం, సరుకు దించుకోవడం, కొలతల కోసం పార్టీకి ఫోన్ చేసి ఎదురుచూడడం పోను రోజుకు 6 గంటలు పని జరిగితే గొప్పే. సీజన్ అయ్యాక జీతమిచ్చి ఊరికే కూర్చోబెట్టే రోజులు 50 దాకా ఉంటాయి. అంటే 250 రోజులు, 6 గంటలు: 1,500 గంటలు. వెల్డర్ గంట ఖరీదు 190 రూపాయలు. రోజుకు 600 తీసుకునే హెల్పర్‌కు ఇదే లెక్క వేస్తే 1,95,000 అవుతుంది, గంటకు 130.

షెడ్డు ఖర్చును గంటల మీద పంచండి

ట్రాలీ ఉన్నా లేకున్నా నడిచే ఖర్చులన్నీ ఏడాది మొత్తంగా రాయండి. షెడ్డు అద్దె 1,80,000, కరెంటు 96,000, మిషన్ల రిపేర్లు 30,000, బండి పెట్రోలు 40,000, లెక్కల మనిషి, ఫోన్ 34,000, ఇన్సూరెన్స్, లైసెన్సులు 20,000. వెల్డింగ్ మిషన్లు, కటింగ్ మిషన్ కలిపి 4 లక్షలు పెట్టి కొని, 8 ఏళ్లు వాడతారనుకుంటే ఏటా 50,000 అరుగుదల. యజమాని జీతం నెలకు 30,000, ఏడాదికి 3,60,000.

యజమాని జీతం దగ్గరే ఎక్కువ మంది జారిపోతారు. 'నాకు జీతమేంటి, మిగిలిందంతా నాదేగా' అంటారు. కొలతలు తీసేది, సరుకు తెచ్చేది, బాకీలు వసూలు చేసేది ఆయనే. ఆ పనికి మనిషిని పెడితే ఇవ్వాల్సినదే ఆయన జీతం. లాభం వేరు. అయితే ఆయనే కూర్చుని వెల్డింగ్ కూడా చేస్తుంటే, జీతంలో అంత భాగం ఇక్కడ తీసేసి ఆ గంటలను కూలీలో చూపాలి. రెండుచోట్లా వేయకూడదు.

మొత్తం 8,10,000. ముగ్గురి గంటలు 4,500. భాగిస్తే గంటకు 180 రూపాయలు. షెడ్డులో ఎవరు గంట పనిచేసినా వాళ్ల కూలీతో పాటు ఈ 180 కూడా ఆ పని మీద పడాలి.

మే, జూన్ నెలల్లో రాత్రి పదింటి దాకా పని నడుస్తుంది కాబట్టి అప్పుడు ఈ రేటు తగ్గినట్టు కనిపిస్తుంది. దాన్ని చూసి రేటు తగ్గించకండి. సెప్టెంబరు అద్దె కట్టాల్సింది ఆ డబ్బుతోనే.

సరుకు: బరువు కాదు, కొనే బరువు

ట్రాలీ పైరేకు 3 మి.మీ. మందం. 8 అడుగులు, 4 అడుగుల షీటు సుమారు 70 కిలోలు తూగుతుంది. 1,200, 600 మి.మీ. ముక్కలు దాంట్లో సరిగ్గా నాలుగు వస్తాయి కాబట్టి ఒక్కో ట్రాలీకి 17.5 కిలోలు. ఇదే పార్టీ '1,250, 650 చేయండి' అంటే చూడ్డానికి రెండంగుళాల తేడానే. కానీ ఆ షీటులో అప్పుడు వచ్చేది ఒకే ఒక్క ముక్క. మిగిలినది వేరే పనికి పనికొస్తే సరే, లేకపోతే తుక్కు రేటుకు పోతుంది. కొలత మారిందంటే రేటు చెప్పే ముందు షీటు మీద గీసి చూడాలి.

ఫ్రేముకు 40, 40, 5 మి.మీ. యాంగిల్ 4.8 మీటర్లు. మీటరుకు 3 కిలోలు, కటింగ్ నష్టంతో 15 కిలోలు. హ్యాండిల్ పైపు 6.5 కిలోలు. మొత్తం 39 కిలోలు, కిలో 65 చొప్పున 2,535. చక్రాలు నాలుగు, 1,800. రాడ్లు, కటింగ్ వీల్స్, రెడ్ ఆక్సైడ్, పెయింటు 365. సరుకు మొత్తం 4,700.

మీకు మామూలు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే కొన్నప్పుడు కట్టిన పన్ను తిరిగి సర్దుకుంటారు కనుక పన్ను లేని ధరే వేయండి. కాంపోజిషన్‌లో ఉంటే ఆ వెసులుబాటు లేదు. పన్నుతో కలిపిన ధర మీ ఖర్చే.

ఒక్క ట్రాలీ లెక్క

వెల్డర్ 4 గంటలు, హెల్పర్ 3 గంటలు. కూలీ 760, 390 కలిపి 1,150. షెడ్డు ఖర్చు 7 గంటలకు 1,260. సరుకుతో కలిపి 7,110.

జిగ్ కట్టడానికి, మొదటి పీసు సరిచూసుకోవడానికి ఇద్దరికీ చెరి 5 గంటలు పడుతుంది. షెడ్డు ఖర్చుతో కలిపి అది 3,400. పదింటికి పంచితే ఒక్కోదాని మీద 340. రెండు ట్రాలీల ఆర్డరైతే 1,700. 'పదింటి రేటుకే రెండివ్వండి' అన్నవాళ్లకు ఎందుకు కుదరదో చెప్పడానికి ఈ అంకె చాలు. టెంపో కిరాయి 2,000, ట్రాలీకి 200. అసలు ఖర్చు 7,650.

15 శాతం లాభం అమ్మే ధర మీద మిగలాలంటే 7,650ని 0.85తో భాగించాలి: 9,000. ఖర్చు మీద 15 శాతం కలిపితే వచ్చేది 8,797 మాత్రమే. మామూలు రిజిస్ట్రేషన్ ఉంటే జీఎస్టీ దీనికి పైన.

ఇప్పుడు పాత పద్ధతి చూడండి. సరుకు, కూలీ కలిపి 5,850. దాని మీద 20 శాతం కలిపితే 7,020. అసలు ఖర్చు కంటే 630 తక్కువ. పది ట్రాలీలకు 6,300 చేతి నుంచి పోతుంది. ఆర్డరు మాత్రం ఖాయంగా మీకే వస్తుంది.

శాతం పెంచితే సరిపోదా?

సరిపోదు. ఈ ట్రాలీలో షెడ్డు ఖర్చు సరుకులో 27 శాతం. ఇదే ట్రాలీ స్టీలుతో చేస్తే సరుకు 13,000, గంటలు 9 అనుకోండి. 27 శాతం అంటే 3,510; నిజంగా పడేది 1,620. దాదాపు 1,900 ఎక్కువ చెప్పి ఆర్డరు పోగొట్టుకుంటారు. కిటికీ గ్రిల్లుకు సరుకు 1,500, గంటలు 6. శాతంతో 405, నిజానికి 1,080. అక్కడ 675 తక్కువ చెప్పి ఆర్డరు తెచ్చుకుంటారు. శాతం లెక్క పెట్టుకున్న షెడ్డులో గ్రిల్లు పనులే ఎక్కువ పోగవడానికి కారణం ఇదే.

గంటలు ఊహతో వేస్తే ఇదంతా వృథా. ప్రతి పనికీ ఒక కార్డు గోడకు తగిలించి, ఎవరు ఎప్పుడు మొదలుపెట్టారో, ఎప్పుడు దించారో రాయించండి. గ్రైండింగ్, పెయింటు గంటలే ఎప్పుడూ అంచనా దాటుతాయి. 7 గంటల ట్రాలీ 9 గంటలైతే కూలీ, షెడ్డు ఖర్చు కలిపి సుమారు 700 లాభంలోంచి పోతుంది. ఇనుము రేటు మారుతుంది కాబట్టి కొటేషన్ కింద 'ఈ ధర 7 రోజుల వరకే' అని రాసి, కొలతలు, రేకు మందం, చక్రాల సైజు కూడా అందులోనే పెట్టండి.