వానలు ముదరకముందే: కార్డుల డబ్బా మూసేవాళ్లకు జాగ్రత్తలు

పోయిన వారం కాకినాడ నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. నిరుడు ఆగస్టులో తన పోకెమాన్ కార్డులన్నీ, సుమారు ఐదు వందలు, మూతకు రబ్బరు అంచున్న ప్లాస్టిక్ డబ్బాలో సర్ది బీరువాలో పెట్టాడు. తర్వాత పెళ్లి పనులు, ఇల్లు మారడం, ఆ హడావిడిలో డబ్బా మళ్లీ తీయలేదు. ఇప్పుడు తీసి చూస్తే మెరుపు కార్డులన్నీ వంగిపోయాయి. కొన్నింటి వెనుక నీలం అంచుల మీద బూడిదరంగు చుక్కలు. కార్డుకు తొడిగే పలచటి ప్లాస్టిక్ స్లీవ్ నుంచి బయటికి లాగితే టపటపమని ఊడి వస్తున్నాయి. "అన్నా, ఒక్క చుక్క నీళ్లు కూడా లోపలికి పోలేదు. డబ్బా అంత బిగుతుగా ఉంది. ఇదెలా జరిగింది?" అని అడిగాడు.

డబ్బా బిగుతుగా ఉండటం వల్లే జరిగింది. నీళ్లు బయటి నుంచి రాలేదు. మూత పెట్టే రోజుకే అవి కార్డుల్లో ఉన్నాయి.

కార్డులు పాడైన వాళ్లను చాలామందిని చూశాను. ఎక్కువమంది చేసింది ఈ ఒక్క పనే: వానాకాలంలో తేమ పీల్చుకున్న కార్డుల్ని గాలి చొరబడని డబ్బాలో పెట్టి మూసేయడం. స్లీవ్ వేసుకోండి, తడి చేత్తో ముట్టుకోకండి లాంటివి మీకు తెలిసినవే కాబట్టి అవి వదిలేసి దీని గురించే చెబుతాను.

ఒక పోకెమాన్ కార్డు బరువు 1.8 గ్రాముల దగ్గర ఉంటుంది. ఐదు వందల కార్డులంటే 900 గ్రాములు, అందులో ఎక్కువ భాగం కాగితమే. కాగితం చుట్టూ ఉన్న గాలిని బట్టి తేమను పీలుస్తుంది, వదులుతుంది. గాలిలో తేమ 50 శాతం ఉన్న గదిలో ఉన్న కార్డుల్ని 80 శాతం ఉన్న గదిలో కొన్ని వారాలు ఉంచితే ఆ 900 గ్రాముల్లోకి సుమారు 20 గ్రాముల నీళ్లు అదనంగా చేరతాయి. అంటే నాలుగు టీస్పూన్లు. పది లీటర్ల డబ్బాలో ఉన్న గాలి మొత్తంలో అంత తేమ ఉన్న రోజున కూడా పావు గ్రాము నీళ్లు ఉంటే గొప్ప. అందుకే "ఎండ కాసిన రోజు చూసి మూశాను" అన్నా లాభం లేదు. మారాల్సింది డబ్బాలోని గాలి కాదు, కార్డులోని కాగితం. అది ఒక్క పూటలో మారదు.

చెప్పుల డబ్బాలోనో మందు సీసాలోనో వచ్చిన చిన్న సిలికా జెల్ పొట్లం ఒకటి పడేస్తే సరిపోతుందని కూడా చాలామంది అనుకుంటారు. ఐదు గ్రాముల పొట్లం సుమారు ఒక గ్రాము నీళ్లు పీల్చి ఆగిపోతుంది. మిగతా 19 గ్రాములూ కార్డుల్లోనే ఉంటాయి. పోనీ అని ఆ డబ్బాలో వందల గ్రాముల జెల్ పోస్తే తేమ 20 శాతానికి పడిపోయి, కార్డులు రెండోవైపు వంగుతాయి.

వంగడం ఎందుకంటే, మెరుపు కార్డుకి ముందువైపు లోహపు మెరుపున్న పలచటి ఫిల్మ్ ఉంటుంది. దానికి తేమ పట్టదు. వెనుక ఉన్న కాగితం తేమకు సాగుతుంది, ఆరితే కుంచించుకుంటుంది. ఇది మీ ఇంట్లోనే చూసుకోవచ్చు. కార్డును బొమ్మ పైకి వచ్చేలా అద్దం మీద పెట్టి, కంటిని బల్ల ఎత్తుకు దించి చూడండి. అంచులు పైకి లేచి ఉంటే కాగితం తేమ పట్టింది. మధ్యలో ఉబ్బి అంచులు అద్దానికి ఆనుతుంటే మరీ ఆరిపోయింది. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్నవాళ్లకు చలికాలంలో హీటర్ వల్ల ఈ రెండో రకం కనిపిస్తుంది. అక్కడి నుంచి కార్డులు ఇక్కడికి తెచ్చుకునేవాళ్లకు అవే కార్డులు కొన్ని రోజుల్లో తిరగబడి మొదటి రకంగా వంగుతాయి. మొదట్లో ఈ వంపు పోతుంది. ఏళ్ల తరబడి అలాగే వదిలేస్తే కాగితం ఆ వంపులోనే స్థిరపడుతుంది.

కాబట్టి ముందు తేమ మీటరు కొనండి. చిన్న డిజిటల్ హైగ్రోమీటరు చాలు, కానీ దాన్ని నమ్మేముందు పరీక్షించాలి. సీసా మూతలో ఉప్పు పోసి, కరిగిపోకుండా ముద్దలా తడిసేంత నీళ్లు కలపండి. ఆ మూతనూ మీటరునూ ఒక జిప్ కవర్లో పెట్టి, ఉప్పు మీటరుకు తగలకుండా చూసి, ఒక రాత్రి ఉంచండి. మీటరు 75 చూపించాలి. 80 చూపిస్తే అది ఐదు ఎక్కువ చెబుతోందని స్టిక్కర్ మీద రాసి దాని వెనకే అంటించండి.

తర్వాత కార్డుల్ని స్లీవ్‌లతోనే గట్టి హోల్డర్ల నుంచి తీసి, నిలువుగా, మధ్యలో ఖాళీ ఉండేలా ఏసీ గదిలో పెట్టండి. గాలిలో తేమ 45 నుంచి 50 మధ్య నిలబడాలి. ఏసీ ఆపిన ప్రతిసారీ తేమ పైకి పోతుంది కాబట్టి రోజుకు రెండు గంటలు వేసి ఆపితే పని జరగదు. డీహ్యుమిడిఫయర్ ఉంటే అది ఇంకా మేలు. కనీసం వారం ఉంచండి, దొంతరగా ఉన్నవాటికి ఇంకా ఎక్కువ పడుతుంది. హైదరాబాద్ వాళ్లు ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఈ పని తేలిగ్గా ముగించుకోవచ్చు. సముద్రం ఒడ్డున ఉన్నవాళ్లకు ఏ నెలైనా ఏసీ గదే గతి. అద్దం మీద పెట్టిన కార్డు చదునుగా నిలబడ్డాకే డబ్బా మూయాలి. మూసేటప్పుడు 49 అని రాసి ఉన్న టూ-వే హ్యుమిడిటీ ప్యాక్ వేయండి. అది తేమ ఎక్కువైతే పీల్చుకుంటుంది, తక్కువైతే వదులుతుంది. సిలికా జెల్ పీల్చడమే తప్ప ఎక్కడ ఆగాలో దానికి తెలియదు. అయితే ఈ ప్యాక్ ఉంది కదా అని తేమ కార్డుల్ని పెట్టకండి. నాలుగు స్పూన్ల నీళ్లు పీల్చడం దాని పని కాదు, సరిగా ఆరినదాన్ని అలాగే నిలబెట్టడం దాని పని.

స్లీవ్‌ల సంగతి. కవరు మీద పాలీప్రొపిలీన్ అని ఉండాలి. పాత ఆల్బమ్‌ల్లోని మెత్తటి, వంచితే రబ్బరులా సాగే, కొత్త షవర్ కర్టెన్ వాసన కొట్టే పేజీలు పీవీసీవి. వాటిని మెత్తగా ఉంచే రసాయనం ఏళ్లు గడిచేకొద్దీ బయటికి వచ్చి కార్డు మీద జిడ్డు పొరలా పేరుకుంటుంది, సిరా పేజీకి అంటుకుంటుంది. కార్డును పైనుంచి దించే గట్టి ప్లాస్టిక్ తొడుగులు, అంటే టాప్‌లోడర్లు, కూడా ఎక్కువగా పీవీసీవే. కానీ అది గట్టి రకం, ఆ మెత్తబరిచే రసాయనం అందులో చాలా తక్కువ. అయినా కార్డును నేరుగా అందులోకి దించకూడదు, ముందు మెత్తటి స్లీవ్ వేయాలి. లేకపోతే లోపలికి జారేటప్పుడే మెరుపు మీద సన్నటి గీతలు పడతాయి. మామూలు కార్డుకు 35 పాయింట్ టాప్‌లోడర్ సరిపోతుంది. పాయింట్ అంటే అంగుళంలో వెయ్యో వంతు మందం. జెర్సీ గుడ్డముక్క పెట్టిన మందపాటి క్రికెట్ కార్డుకు 130 లాంటి పెద్దది కావాలి. మందపాటిదాన్ని చిన్నదాంట్లో దూరిస్తే మూలలు నలుగుతాయి, పలచటిదాన్ని పెద్దదాంట్లో వేస్తే లోపల ఊగి అంచులు అరుగుతాయి.

కార్డు ఎంత బాగుందో తేల్చే గ్రేడింగ్ చేయించి, గట్టి ప్లాస్టిక్ కేసులో సీల్ వేయించిన కార్డులకు భయం లేదనుకోకండి. ఆ గట్టి కేసులోకి గాలి పోతుంది. తేమా పోతుంది. నెమ్మదిగా పోతుంది, అంతే.

పాత నిల్వ బయటికి తీసినప్పుడు కంగారులో లాగేయకండి. స్లీవ్ అంటుకుని ఉంటే ముందు దాన్ని వారం రోజులు 45 శాతం తేమలో ఉంచండి, ఆ తర్వాత స్లీవ్ అంచును కత్తెరతో కోసి తెరవండి. 1990ల నాటి నిగనిగలాడే పూత ఉన్న కార్డులు దొంతరలోనే ఇటుకలా ఒకదానికొకటి అతుక్కుపోతాయి. బలవంతంగా విడదీస్తే ఒకదాని బొమ్మ ఇంకోదాని వీపు మీదకు వచ్చేస్తుంది. బూడిదరంగు నూగు, మట్టి వాసన ఉంటే బూజు. బూజు లేకుండా గోధుమరంగు చుక్కలే ఉంటే కాగితం లోపలి మరక, అది తుడిస్తే పోదు. ఎరుపు, పసుపు పాలిపోయి నీలం మాత్రం నిలిచి ఉంటే అది తేమ పని కాదు, వెలుతురు పని.

ఇక మిగిలినవి వరసగా చెప్పేస్తాను.

వానాకాలంలో తేమ కార్డుల మీద మూత బిగించకండి. ఒక్క రాత్రికైనా సరే.

బీరువాలో కలరా ఉండలు ఉంటే కార్డులు అక్కడ పెట్టకండి. ఆ ఆవిరికి పాలీస్టైరిన్ కేసులు మెత్తబడి పొగచూరినట్టు అవుతాయి.

బియ్యం డబ్బాలో పెట్టకండి. పిండి, పురుగులు.

రబ్బరు బ్యాండు వేయకండి.

బయటి గోడకు ఆనించి బీరువా పెట్టకండి, వాన నీరు దిగే గోడ అయితే అసలే వద్దు. అటక మీదా వద్దు, వేసవిలో అక్కడ వేడికి ప్లాస్టిక్ వంగుతుంది.

గుండ్రటి రింగుల ఫైలులో కార్డు పేజీలు పెట్టకండి. లోపలి వరసలో కార్డుల మీద రింగు గుర్తు శాశ్వతంగా పడుతుంది.

వంగిన కార్డు మీద ఇస్త్రీ పెట్టె పెట్టకండి. హెయిర్ డ్రైయర్ వద్దు. ఎండలో ఆరబెట్టడం వద్దు.

తేమ పోకముందే బరువు పుస్తకాల కింద పెట్టి చదును చేయకండి. పైకి తిన్నగా కనిపిస్తుంది, బరువు తీయగానే మళ్లీ లేస్తుంది.

ఏసీ గదిలో చల్లబడిన కార్డుల్ని నేరుగా వానాకాలపు బయటి గాలిలో తెరవకండి. గాలి 30 డిగ్రీల్లో, తేమ 75 శాతంతో ఉంటే 25 డిగ్రీల కన్నా చల్లటి ఏ వస్తువు మీదైనా నీరు పడుతుంది. మీ కార్డు 23లో ఉంది. మూసిన కవర్లో అలాగే ఉంచి, వేడెక్కాక తెరవండి.

మళ్లీ చెబుతున్నాను, ఆరని కార్డుల మీద మూత బిగించకండి. బిగుతు డబ్బా తేమను బయట ఎంత బాగా ఆపుతుందో, లోపల కూడా అంతే బాగా ఆపుతుంది.

మూసిన డబ్బాలో మీటరు పెట్టండి, బయటి నుంచి అంకె కనిపించేలా. నెలకోసారి చూడండి. హ్యుమిడిటీ ప్యాక్ గట్టిపడితే మార్చండి. అంకె 60 దాటితే ఆ రోజే తెరిచి ఏసీ గదిలో ఆరబెట్టండి. 65 పైన వారాల తరబడి ఉంటే బూజు వస్తుంది.

బూజు పట్టిన కార్డు ఒక్కటి దొరికినా దాన్ని వేరే కవర్లో పెట్టి ఆ గది నుంచి తీసేయండి. దాని స్లీవ్ పారేయండి, మళ్లీ వాడకండి. డబ్బాను సబ్బుతో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. దాని పక్కనున్న కార్డులన్నింటికీ కొత్త స్లీవ్‌లు వేయండి.