హెక్స్ రంగు కోడ్ల జాబితాలో కొన్ని వరసలే తప్పుగా మారుతున్నాయా? సమస్య - పరిష్కారం

పర్లాకిమిడి, రాయగడ, బరంపురం వైపు ఫ్లెక్సీలు, ఎల్‌ఈడీ బోర్డులు చేసే షాపులకి రంగుల జాబితా ఇప్పుడు ఎక్సెల్ షీట్‌లోనే వస్తోంది. ఆర్డరిచ్చే పార్టీ వాళ్ళు #F4C430 లాంటి హెక్స్ కోడ్లు పంపిస్తారు. బోర్డు సాఫ్ట్‌వేర్ మాత్రం ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడింటికీ 0 నుంచి 255 లోపు అంకెలు అడుగుతుంది. ఈ మార్పిడికి ఫార్ములా రాయడం మీకు వచ్చనే అనుకుంటున్నాను. కోడులో రెండేసి అక్షరాలు విడదీసి ఒక్కో జతకీ HEX2DEC వెయ్యడమే. F4 అంటే 15 × 16 + 4, అంటే 244. C4 అంటే 196, 30 అంటే 48. కాబట్టి #F4C430 అంటే 244, 196, 48.

ఇది తెలిసినవాళ్ళే వచ్చి ఇలా అడుగుతున్నారు: "అన్నా, ఫార్ములా కరెక్టుగానే ఉంది, ముదురు ఆకుపచ్చ ఎర్రగా పడుతోందేటి?" ఫార్ములాని పదిసార్లు తిరగరాస్తారు గానీ, దానికి అందుతున్న కోడులో ఆరు అక్షరాలు ఉన్నాయో లేవో ఎవరూ లెక్కపెట్టరు. దయచేసి మొదట అది చూడండి. ఖాళీ నిలువు వరసలో ఇది వేసి కిందికి లాగండి:

```
=LEN(A2)
```

# ఉంటే అన్ని వరసల్లోనూ 7 రావాలి, లేకపోతే 6. వేరే అంకె ఎక్కడ కనిపించినా ఫార్ములా జోలికి పోకండి. చెడింది డేటా.

లక్షణం 1: వరసలన్నిట్లోనూ #NUM! వస్తోంది

# గుర్తుని కూడా జతలో కలిపేశారు. మొదటి జత "#F" అయిపోయింది, అది హెక్స్ సంఖ్య కాదు. # తియ్యనక్కర్లేదు, రెండో అక్షరం నుంచి మొదలుపెడితే సరిపోతుంది:

```
=HEX2DEC(MID(A2,2,2))
=HEX2DEC(MID(A2,4,2))
=HEX2DEC(MID(A2,6,2))
```

చాలామంది ఇక్కడే రెండో దారి పడతారు. Find & Replace తెరిచి # బదులు ఖాళీ పెట్టి Replace All నొక్కుతారు. ఎర్రర్లు పోతాయి, పని అయిపోయిందనుకుంటారు. అసలు సమస్య అక్కడి నుంచే మొదలవుతుంది.

లక్షణం 2: ఎర్రర్ లేదు, ఎక్కువ రంగులు సరిగ్గానే ఉన్నాయి, కొన్ని మాత్రం పూర్తిగా వేరే రంగులు

నేను ఎక్కువగా చెప్పదలుచుకున్నది దీని గురించే. ఎర్రర్ రాదు కాబట్టి తప్పు బోర్డు వెలిగేదాకా బయటపడదు.

# ఉన్నంతవరకు ఎక్సెల్‌కి #000080 అనేది ఉత్త అక్షరాల వరస. # తీసేసిన క్షణంలో, ఆ విలువని మీరు అప్పుడే కొత్తగా టైపు చేసినట్టు ఎక్సెల్ మళ్ళీ చదువుతుంది. 000080 లో అక్షరాలు లేవు, అన్నీ అంకెలే. అందుకని దాన్ని మామూలు సంఖ్యగా తీసుకుని ముందున్న సున్నాలు కొట్టేసి 80 అని ఉంచుతుంది. F4C430 లో అక్షరాలున్నాయి కాబట్టి దాన్ని ముట్టుకోదు. కొన్ని వరసలే చెడిపోవడానికి కారణం ఇదే. ఎక్సెల్ ఈ నిర్ణయం ఒక్కో సెల్‌కీ విడివిడిగా తీసుకుంటుంది.

ఒక గుడి కమిటీ బోర్డుకి వచ్చే జాబితా లాంటిది తీసుకుందాం: #F4C430, #000080, #006400, #400E10, #B22222. Replace All అయ్యాక మొదటిదీ చివరిదీ చెక్కుచెదరవు. మిగతా మూడూ ఏమవుతాయో ఒక్కొక్కటే చూడండి.

000080 కాస్తా 80 అయింది. ఇప్పుడు # లేదు కాబట్టి జతలు మొదటి అక్షరం నుంచి తీస్తారు. మొదటి జత 80, అంటే 128. మిగతా రెండు జతలకి అక్షరాలే లేవు, వాటి చోట సున్నాలు పడతాయి. రావలసింది 0, 0, 128 అనే ముదురు నీలం. వచ్చింది 128, 0, 0 అనే మెరూన్. 006400 కూడా అంతే, 6400 గా మిగిలి 0, 100, 0 బదులు 100, 0, 0 ఇస్తుంది. ముదురు ఆకుపచ్చ ఎర్రబడింది ఇలాగే. రంగుల మార్పులో ఒక తీరు గమనించండి. ముందు సున్నాలు పోవడంతో నీలం విలువో ఆకుపచ్చ విలువో జరిగి ఎరుపు స్థానంలోకి వచ్చింది. నీలాలు, ఆకుపచ్చలు ఎర్రబడుతున్నాయంటే కారణం దాదాపు ఇదే.

ఇక 400E10. దీన్ని పట్టుకోవడం ఇంకా కష్టం. ఇందులో E అనే అక్షరం ఉంది కదా, ఏం కాదులే అనుకుంటాం. కానీ అంకెల మధ్య ఒక్క E ఉంటే ఎక్సెల్ దాన్ని "ఇంటూ పది పవర్" అని చదువుతుంది. 400 × 10^10 అని లెక్కకట్టి సెల్‌లో 4.00E+12 చూపిస్తుంది. లోపల ఉన్నది 4000000000000. మీ ఫార్ములా అందులోంచి 40, 00, 00 తీసి 64, 0, 0 ఇస్తుంది. అసలు రంగు 64, 14, 16. రెండూ ముదురు ఎరుపులే, చూపుకి దాదాపు ఒకేలా ఉంటాయి. అందుకే బోర్డు మీద ఇది కంటికి దొరకదు, LEN పట్టిస్తుంది. ఈ సెల్‌కి LEN 13 వస్తుంది.

ఇంకో గుర్తు, సెల్స్‌ని మీరు ఎటూ సర్దకపోతే అక్షరాలు ఎడమ వైపుకీ సంఖ్యలు కుడి వైపుకీ ఉంటాయి. కోడ్ల నిలువు వరసలో కొన్ని కుడికి జరిగి కనిపిస్తే అవి సంఖ్యలైపోయినట్టే. అనుమానం ఉంటే `=ISNUMBER(A2)` వెయ్యండి. TRUE వచ్చిన ప్రతి వరసనీ విడిగా చూడండి. వాటిలో 800000, 191970 లాంటివి కూడా ఉంటాయి. ముందు సున్నా లేక అవి సంఖ్యలైనా విలువ మారలేదు, వాటిని వదిలెయ్యొచ్చు.

పరిష్కారం

అసలు ఫైలు మీ దగ్గరుంటే దాని నుంచే మళ్ళీ మొదలుపెట్టండి. # ఉంచేసి పై మూడు ఫార్ములాలు వాడండి. # లేని కోడే కావాలంటే పక్క నిలువు వరసలో `=SUBSTITUTE(A2,"#","")` వెయ్యండి. ఫార్ములా ఇచ్చే ఫలితం అక్షరాలుగానే ఉంటుంది, సున్నాలు పోవు.

పార్టీ వాళ్ళే # లేకుండా సీఎస్‌వీ ఫైలు పంపితే దాన్ని డబుల్ క్లిక్ చేసి తెరవకండి. తెరుచుకునేటప్పుడే సున్నాలు పోతాయి. ఆ తర్వాత సెల్స్‌ని Text ఫార్మాట్‌లోకి మార్చినా పోయినవి తిరిగి రావు. ఖాళీ షీట్ తెరిచి Data మెనూలో From Text/CSV ద్వారా తెచ్చుకుని, కోడ్ల నిలువు వరసని Text అని చెప్పి ఎక్కించండి. లిబ్రే ఆఫీసు అయితే ఫైలు తెరిచేటప్పుడు వచ్చే డబ్బాలో ఆ నిలువు వరస మీద నొక్కి Text ఎంచుకోవాలి. కొత్త ఎక్సెల్‌లో File, Options, Data కింద Automatic Data Conversion అనే భాగం ఉంది. అందులో సున్నాలు తీసెయ్యడానికి ఒక టిక్కు, E ఉన్నవాటిని సంఖ్యలు చెయ్యడానికి ఒక టిక్కు ఉంటాయి. రెండూ తీసెయ్యండి. అది మీ కంప్యూటర్ వరకే. పంపేవాళ్ళ దగ్గరే సున్నాలు పోయుంటే ఇది పనికిరాదు.

అసలు ఫైలు లేదు, చెడిపోయిన జాబితా ఒక్కటే ఉంది అనుకోండి. సున్నాలు మాత్రమే పోయినవాటిని వెనక్కి తేవచ్చు:

```
=TEXT(A2,"000000")
```

80 ఇస్తే 000080, 6400 ఇస్తే 006400 వస్తాయి. F4C430 లాంటివాటిని ఇది మార్చదు, కాబట్టి నిలువు వరస మొత్తానికి వెయ్యొచ్చు. ఒక్క జాగ్రత్త, జాబితాలో మూడక్షరాల పొట్టి కోడ్లు కూడా కలిసి ఉంటే ఇది వాడకూడదు. 800 అని మిగిలినది 000800 కావచ్చు, పొట్టి కోడు 800 కావచ్చు. పొట్టి కోడులో ఒక్కో అక్షరం రెండుసార్లు రాయాలి, అది 880000 అవుతుంది.

E+ కనిపించే వరసల్ని మాత్రం బాగుచెయ్యాలని చూడకండి, వీలు కాదు. 4.00E+12 అన్నది 400E10 నుంచి రావచ్చు, 40E011 నుంచీ 004E12 నుంచీ కూడా రావచ్చు. మొదటిది 64, 14, 16 అనే ముదురు మెరూన్. రెండోది 64, 224, 17, కళ్ళు చెదిరే ఆకుపచ్చ. మూడోది 0, 78, 18, ముదురు ఆకుపచ్చ. సంఖ్య అయిపోయాక మూడింటికీ తేడా లేదు. పంపినవాళ్ళకి ఫోను చేసి ఆ వరసల కోడ్లు మళ్ళీ అడగండి, వాట్సాప్‌లో # తో సహా టైపు చేసి పంపమనండి.

లక్షణం 3: ఒకటి రెండు వరసల్లోనే #NUM!

సున్నా బదులు ఇంగ్లీషు O కొట్టుంటారు, లేదా ముందు ఒక ఖాళీ పడి జతలు జరిగుంటాయి. ఖాళీకి TRIM వెయ్యండి. మన వైపు ఇంకోటి ఉంది, కీబోర్డు ఒడియాలో ఉండగా అంకెలు కొట్టేస్తారు. ఒడియా సున్నా గుండ్రంగా ఉండి తెర మీద తేడా తెలియదు. ఆ సెల్‌ని చెరిపి మళ్ళీ టైపు చెయ్యడమే.

అరుదైనవి

ఎరుపు, నీలం తారుమారవుతున్నాయంటే ఆ అంకెలు ఎవరో ఎక్సెల్ మాక్రోతో తీసినవై ఉంటాయి. మాక్రో రంగు విలువలో నీలం పై స్థానంలో ఉంటుంది. ఎనిమిది అక్షరాల కోడు వస్తే అందులో ఒక జత పారదర్శకతది. వెబ్ కోడ్లలో అది చివర ఉంటుంది, ఆండ్రాయిడ్‌లో ముందు ఉంటుంది. ఎక్కడి నుంచి వచ్చిందో అడిగి ఆ జత వదిలెయ్యండి.

బోర్డుకి ఎక్కించే ముందు

ఎరుపు, ఆకుపచ్చ, నీలం B, C, D నిలువు వరసల్లో ఉంటే, E లో ఇది వెయ్యండి:

```
="#"&DEC2HEX(B2,2)&DEC2HEX(C2,2)&DEC2HEX(D2,2)=A2
```

అంకెల్ని మళ్ళీ హెక్స్ చేసి, # తో ఉన్న అసలు కోడుతో పోల్చుతుంది. పెద్దక్షరాలు, చిన్నక్షరాల తేడా ఈ పోలికలో పట్టించుకోదు. DEC2HEX లో కామా తర్వాత ఉన్న 2 మర్చిపోవద్దు, అది లేకపోతే 0 అనేది 00 గా కాకుండా ఒక్క సున్నాగా వచ్చి సరైన వరసలు కూడా FALSE అంటాయి. FALSE వచ్చిన వరస ఒక్కటి ఉన్నా ఫైలు బోర్డుకి ఎక్కించకండి.