విలువ ప్రకారం పేర్చిన బ్యాక్‌లాగ్‌లో మొదటి ఐటమ్ ఎందుకు కదలదు?

లక్షణం

చేయాల్సిన పనుల జాబితా అయిన బ్యాక్‌లాగ్‌లో ప్రోడక్ట్ ఓనర్ ప్రతి ఐటమ్‌కు విలువ అంకె ఇచ్చారు, టీమ్ పరిమాణం అంచనా వేసింది, విలువను పరిమాణంతో భాగించి పెద్ద ఫలితం నుంచి చిన్న ఫలితానికి వరుస పేర్చారు. అయినా నిర్ణీత కాలపు పని విడత అయిన స్ప్రింట్ ముగిసేసరికి పైన ఉన్న ఐటమ్‌లు "దాదాపు అయిపోయాయి" అన్న స్థితిలోనే ఉంటాయి. తర్వాతి స్ప్రింట్‌లోనూ అదే మాట వినిపిస్తుంది. రోడ్‌మ్యాప్‌లో రిలీజ్ తేదీ వెనక్కి జరుగుతూ పోతుంది.

ముందుగా చూడాల్సింది

పైనున్న ఐదారు ఐటమ్‌లలో ఒక్కొక్కదాని గురించి డెవలపర్లను ఒకే ప్రశ్న అడగండి: "మిగతావేవీ చేయకుండా ఇది ఒక్కటే పూర్తి చేస్తే, దీన్ని వినియోగదారుకు ఇవ్వగలమా?" పది నిమిషాలు కూడా పట్టని ఈ పనిని దాటవేసి, టీమ్ వేగం తగ్గిందని, అంచనాలు తప్పాయని వారాల తరబడి చర్చించడం నేను పదేపదే చూస్తున్నాను. ఒక్క ఐటమ్‌కైనా "ఇవ్వలేం" అన్న జవాబు వస్తే, కారణం చాలావరకు కింద చెప్పబోయేదే.

అసలు కారణం

పై ఐటమ్ ఆధారపడిన పని బ్యాక్‌లాగ్ అడుగున ఉంటుంది. ఆ పని వినియోగదారుకు కనబడదు కాబట్టి దానికి విలువ అంకె దాదాపు సున్నా పడుతుంది. లెక్క దాన్ని నిజాయితీగానే కిందికి నెడుతుంది. ఎవరూ తప్పు చేయలేదు, సూత్రమూ సరైనదే, అందుకే ఈ లోపం పట్టుబడదు. ఒక యాప్ బ్యాక్‌లాగ్ ఇలా ఉందనుకుందాం:

| ఐటమ్ | విలువ | పరిమాణం | ఫలితం |
|---|---|---|---|
| పాత ఆర్డర్ల జాబితా | 24 | 3 | 8 |
| ఆన్‌లైన్ చెల్లింపు | 40 | 8 | 5 |
| గడువు గుర్తుచేసే సందేశం | 15 | 3 | 5 |
| రిపోర్టు డౌన్‌లోడ్ | 20 | 5 | 4 |
| లాగిన్ వ్యవస్థ మార్పు | 2 | 5 | 0.4 |

పరిమాణాన్ని పాయింట్లలో కొలిస్తే, టీమ్ ఒక స్ప్రింట్‌లో 8 పాయింట్ల పని చేయగలదు. వరుస ప్రకారం పాత ఆర్డర్ల జాబితాను పూర్తిచేసి, చెల్లింపును మొదలుపెట్టాలని టీమ్ అనుకుంటుంది. కానీ వినియోగదారు ఎవరో కచ్చితంగా తెలిస్తే తప్ప ఈ రెండూ పనిచేయవు. అందుకు కావలసిన లాగిన్ మార్పు అట్టడుగున ఉంది. కోడ్ రాయడం జరుగుతుంది, రిలీజ్ మాత్రం జరగదు.

సరిచేసే పద్ధతి

అడుగునున్న పనిని విడిగా కాకుండా, దానిమీద ఆధారపడిన ఐటమ్‌లతో కలిపి లెక్కించండి. లాగిన్, చెల్లింపు, ఆర్డర్ల జాబితా మూడూ కలిస్తే విలువ 66, పరిమాణం 16, ఫలితం సుమారు 4.1. అంటే ఈ కట్ట రిపోర్టు కంటే కొద్దిగా పైన, గుర్తుచేసే సందేశం కంటే కింద ఉంటుంది. 0.4 అన్న అంకె వల్ల చివరికి పోయిన లాగిన్ మార్పు ఇప్పుడు రెండో స్థానానికి వచ్చింది. అంతవరకూ ఎవరూ తొందరపడని గుర్తుచేసే సందేశం మొదటికి చేరింది. ఈ రెండూ కలిసి సరిగ్గా 8 పాయింట్లు, మొదటి స్ప్రింట్ నిండిపోతుంది.

ఇక్కడే చాలామంది ఆగిపోతారు, కానీ లాగిన్ పూర్తయ్యాక లెక్క మళ్లీ వేయాలి. దానికి పెట్టిన శ్రమ అయిపోయింది కాబట్టి ఆర్డర్ల జాబితా మళ్లీ 8కి, చెల్లింపు మళ్లీ 5కి చేరతాయి. అప్పుడు రెండో స్ప్రింట్‌లో జాబితా, రిపోర్టు కలిపి 8 పాయింట్లకు 44 విలువ ఇస్తాయి. చెల్లింపు ఒక్కటే అదే 8 పాయింట్లకు 40 ఇస్తుంది. కాబట్టి ఫలితంలో రిపోర్టు కంటే ముందున్నా, చెల్లింపు మూడో స్ప్రింట్‌కు వెళ్లడమే మేలు. చెల్లింపును విడివిడిగా ఇవ్వగల చిన్న భాగాలుగా విడగొట్టగలిగితే మాత్రం ఈ వరుసను తిరిగి చూడాలి.

ఈ లెక్కకు ఒక హద్దు ఉంది: అన్ని ఐటమ్‌లకూ ఆలస్యం వల్ల కలిగే నష్టం ఒకే తీరున పెరుగుతుందని ఇది అనుకుంటుంది. చట్టపరమైన గడువు ఉన్న ఐటమ్‌ను ఈ వరుసలో కలపకుండా, గడువు నుంచి వెనక్కి లెక్కించి విడిగా స్థానం ఇవ్వండి.

అరుదైన కారణాలు

అంచనా నిజంగానే తప్పడం, ఒకే బ్యాక్‌లాగ్‌ను ఇద్దరు ముగ్గురు తలా ఒక వైపు మార్చడం అప్పుడప్పుడు జరుగుతాయి. మొదటిది ఒకటి రెండు స్ప్రింట్లలో బయటపడుతుంది. రెండోదానికి వరుస మార్చే అధికారం ప్రోడక్ట్ ఓనర్‌కు మాత్రమే ఉంచితే సరిపోతుంది.

రోడ్‌మ్యాప్‌లో మార్పు

వరుస మారిన రోజే రోడ్‌మ్యాప్ కూడా మార్చండి. పై ఉదాహరణలో చెల్లింపు పని మొదలవడం మొదటి స్ప్రింట్ నుంచి మూడోదానికి వెళ్లింది. అమ్మకాల విభాగం అప్పటికే వినియోగదారులకు తేదీ చెప్పి ఉంటే, ఆ సంగతి ఆ విభాగానికి స్ప్రింట్ రివ్యూలో కాకుండా అదే రోజు, లాగిన్ మార్పు ముందు ఎందుకు చేయాల్సి వచ్చిందో కారణంతో సహా చెప్పాలి.