ఎదురింటామెను టీకి పిలిచే చీటీ

నెలల తరబడి "బాగుండారా అక్కా" దగ్గరే ఆగిపోయిన ఎదురింటామెను టీకి పిలవాలి, నోరు రావడం లేదా? చీటీ రాయండి. నాలుగైదు వాక్యాలు చాలు. పేజీ నిండితే అప్పు అడగబోతున్నారేమో అనుకుంటుంది. "ఎప్పుడైనా రాండి" మాత్రం రాయొద్దు, అది మర్యాదకు అన్నట్టే ఉంటుంది.

అనంతపురంలో అయితే ఇట్లా:

"అక్కా, పొద్దున ముగ్గేసేటప్పుడు పలకరించే పచ్చగేటు ఇంటి అమ్మాయిని. ఎదురుగా అడగాలంటే మొహమాటం, అందుకే రాస్తున్నా. గురువారం సాయంత్రం 5కి మా ఇంట్లో టీ తాగుదాం రండి. బొరుగులు కలుపుతా, అరగంట కూర్చుందాం. కుదరకుంటే ఏమీ అనుకోను, ఇంకోరోజు చూసుకుందాం."

పచ్చగేటు ఎందుకంటే, ముఖం తెలిసినా పేరు తెలిసి ఉండదు. కింద మీ పేరు కూడా రాయండి. అరగంట అని ఉంటే రాత్రి వంటకు అడ్డం కాదని ధైర్యంగా వస్తుంది. కొళాయి నీళ్లొచ్చే రోజు తప్పించండి. ఎండాకాలమైతే 6 పెట్టండి.

రెండు రోజుల ముందు చేతికిచ్చి, "తర్వాత చదవండక్కా" అని వచ్చేయండి. మీ ముందరే చదివితే ఆమెకూ ఇబ్బందే. పిల్లలతో పంపితే వీధంతా తెలుస్తుంది. జవాబు రాకపోతే రెండో చీటీ వద్దు, పొద్దున పలకరింపు మాత్రం మామూలుగానే ఉండనీయండి.