లీవ్ పోర్టల్‌లో కారణం ఎలా రాయాలి? మేడారం సెలవుతో ఒక ఉదాహరణ

మేడారం జాతర వస్తే హనుమకొండ, వరంగల్ ఆఫీసుల్లో అందరికీ ఆ నాలుగు రోజుల్లోనే లీవ్ కావాలి. 2026లో జాతర జనవరి 28 నుంచి 31 దాకా, సరిగ్గా నెలాఖరులో జరిగింది. అలాంటి వారంలో కారణం గడిలో అందరూ ‘పర్సనల్ వర్క్’ అని రాస్తే, ఎవరిని పంపినా పని ఆగదో సారుకు తెలియదు. అర్జీలన్నీ పెండింగ్‌లో పడిపోతాయి.

అకౌంట్స్‌లో పనిచేసే ఒకరికి 29, 30 తేదీల్లో సెలవు కావాలనుకుందాం. సమ్మక్క గద్దెకు వచ్చేది జాతర రెండో రోజు, మొక్కులు తీర్చుకునేది మూడో రోజు కాబట్టి ఆ రెండు రోజులే ముఖ్యం.

1. ముందు పని సంగతి తేల్చుకోండి. పక్క సీటు ఆయనను “అన్నా, రెండు రోజులు నా పని చూస్తవా?” అని అడిగి, ఆయన ఒప్పుకున్నాకే పోర్టల్ తెరవండి. అడగకుండా పేరు రాస్తే, సారు ఆయనకు ఫోన్ చేసిన నిమిషంలోనే మీ అర్జీ వెనక్కి వస్తుంది.

2. లీవ్ రకం, కారణం ఒకదానికొకటి సరిపోవాలి. జాతరకు పోతూ సిక్ లీవ్ పెట్టి జ్వరమని రాయకండి. అది రికార్డులో ఉండిపోతుంది, సర్టిఫికెట్ అడిగితే చూపించలేరు. క్యాజువల్ లీవ్ ఉంటే అదే పెట్టండి.

3. ఇప్పుడు కారణం. చాలామంది ఇలా రాస్తారు:

“గౌరవనీయులైన సార్ గారికి, ప్రతి జాతరకు మేము కుటుంబమంతా మేడారం వెళ్తాము, ఈసారి మా చెల్లె కొడుకుకు ఎత్తు బంగారం మొక్కు ఉన్నందున, దారిలో ట్రాఫిక్ కూడా ఉంటుంది కావున దయతో 29, 30 తేదీలు సెలవు ఇవ్వగలరని ప్రార్థన.”

ఇందులో అబద్ధం లేదు. కానీ సారు ఫోన్‌లో చూస్తే మొదట కనిపించేది మర్యాద మాటలే. తేదీలు పై గడుల్లో ఎలాగూ ఉన్నాయి. నెలాఖరు జీతాల బిల్లు ఏమవుతుందన్న అసలు ప్రశ్నకు మాత్రం జవాబు లేదు. దీన్నే ఇలా రాయండి:

“మేడారం జాతరలో కుటుంబ మొక్కు. జీతాల బిల్లు 28న పంపేస్తాను. అర్జెంటు పని క్యాషియర్ చూస్తారు, ఆయనతో మాట్లాడాను.”

కారణం మొదటి మాటల్లోనే తెలిసింది, పని సంగతి తేలింది. ఆస్పత్రి పనికైనా ఇదే పద్ధతి: “అమ్మకు ఆపరేషన్, తోడుగా ఉండాలి” అంటే చాలు, జబ్బు పేరు అక్కర్లేదు.

4. సబ్మిట్ చేశాక ఒకసారి తెరిచి చూడండి. కొన్ని పోర్టళ్లలో తెలుగు అక్షరాలు ప్రశ్నార్థకాలుగా మారతాయి. అప్పుడు ఇవే మూడు ముక్కలు ఇంగ్లిష్‌లో రాయండి. అర్జీ ఎవరి లాగిన్‌లో ఆగిందో కూడా చూడండి. ఆ సారే సెలవులో ఉంటే కారణం ఎంత బాగున్నా కదలదు. ఆయన బదులు ఎవరు మంజూరు చేస్తారో ఆఫీసులో అడిగి, వాళ్లకు పంపించుకోండి.